చెయ్యిచ్చినవాడు సాయం చేసినవాడయ్యే వేళ

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న గుణుపూర్‌లో చింతపండు వ్యాపారం చేసే ఒక తెలుగువాడు భువనేశ్వర్‌లోని ఒడియా కొనుగోలుదారుకు సందేశం పంపాలి. సరుకు ఆలస్యమైంది, కారణం చెప్పుకోవాలి. ఒడియా మాట్లాడటం వచ్చు కానీ రాయడం రాదు. కాబట్టి ఫోనులో తెలుగులో ఇలా రాసి అనువాదం మీట నొక్కాడనుకుందాం: "లారీ వాడు చివరి నిమిషంలో చెయ్యిచ్చాడు. మేస్త్రీ చేతులెత్తేశాడు. గుమాస్తా చేయి తడిపితే గాని కాగితం కదలలేదు."

మూడు వాక్యాలు, మూడింటిలోనూ చేయి. తెలుగు చదివేవారికి ఇందులో ఒక్క చేయీ కనిపించదు. లారీ వాడు వస్తానని చెప్పి రాలేదు, మేస్త్రీ తనవల్ల కాదన్నాడు, గుమాస్తాకు లంచం ఇవ్వాల్సి వచ్చింది. యంత్రానికి మాత్రం మూడు చేతులూ కనిపిస్తాయి. అది చేసే పొరపాట్లు మూడు రకాలుగా ఉంటాయి. ఈ ఒక్క సందేశాన్ని విడదీసి చూస్తే జాతీయాల అనువాదం ఎక్కడెక్కడ దెబ్బతింటుందో చాలావరకు తెలిసిపోతుంది.

మొదటి వాక్యంలోని పొరపాటే అన్నింటికన్నా ప్రమాదకరం. "చెయ్యిచ్చాడు" అన్నదాన్ని ఇంగ్లీషులోకి మాటకు మాట పెడితే "చేయి ఇచ్చాడు" అని వస్తుంది. ఇంగ్లీషులో ఒకరికి చేయి ఇవ్వడమంటే సాయం చేయడం. అక్కడి నుంచి ఒడియాలోకి వెళ్లేసరికి లారీ వాడు "సాహాజ్య కలా", అంటే సాయపడ్డాడు. చదివే ఒడియా కొనుగోలుదారుకు వాక్యం చక్కగానే ఉంటుంది. వ్యాకరణం తప్పు లేదు, వింత పదమూ లేదు. ముంచినవాడు ఆదుకున్నవాడయ్యాడంతే. తెలుగులో సాయం చేసినవాడిని "చేయందించాడు" అంటామని, ఒక్క క్రియ మారితే అర్థం తలకిందులవుతుందని యంత్రానికి ఎవరూ చెప్పలేదు. అర్థం గజిబిజిగా వస్తే పాఠకుడికి అనుమానమైనా వస్తుంది. ఇలా నున్నగా తిరగబడితే ఆ అనుమానం కూడా రాదు.

రెండో వాక్యంలో జరిగేది ఇంకా విచిత్రం. "చేతులెత్తేశాడు" అన్న తెలుగు జాతీయానికి ఒడియాలో దాదాపు అచ్చు గుద్దినట్టు జోడు ఉంది. ఒడియా వార్తల్లో "హాత టేకి దేలే" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. అధికారులు తమవల్ల కాదన్నారని చెప్పడానికే దాన్ని వాడతారు. ఒడిశా సరిహద్దు పట్టణమైన పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన ఏ తెలుగువాడైనా ఈ జతను ఆలోచించకుండా కలిపేస్తాడు. ఇంగ్లీషు మీదుగా వెళ్లిన యంత్రం మాత్రం "చేతులు పైకెత్తాడు" అన్న శారీరక క్రియను పట్టుకుని, ఒడియాలో "హాత ఉఠాఇలా" అని దించే అవకాశం ఉంది. ఒడియాలో ఒకరి మీద హాత ఉఠాఇబా అంటే కొట్టడానికి చేయెత్తడం. తనవల్ల కాదని తప్పుకున్న మేస్త్రీ ఎవరినో కొట్టబోయాడేమో అన్న సందేహం చదివేవారికి కలుగుతుంది.

మూడో వాక్యానికీ ఒడియాలో చుట్టం ఉంది. చేతిలో కుక్కే లంచాన్ని అక్కడ "హాతగుంజా" అంటారు. తెలుగువాడు చేయి తడుపుతాడు, ఒడియావాడు చేతిలో కుక్కుతాడు. ఉద్దేశం ఒక్కటే. యంత్రం దారిలో అది గుమాస్తా చేతికి నీళ్లు తగిలితే తప్ప కాగితం కదలని వింత కథగా మారుతుంది. అయితే ఈ తప్పు కొంత మేలు. అర్థం లేని వాక్యం కాబట్టి చదివినవాడు ఫోన్ చేసి అడుగుతాడు.

రెండు ఇరుగుపొరుగు భాషలకు ఉమ్మడిగా ఉన్న జాతీయం అనువాదంలో ఎందుకు జారిపోతుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. జవాబు యంత్రం నేర్చుకునే తీరులో ఉంది. అనువాద యంత్రానికి నిఘంటువు, వ్యాకరణం చేతికిచ్చి పాఠం చెప్పరు. రెండు భాషల్లో ఒకే అర్థం ఉన్న వాక్యాల జతలను లక్షల సంఖ్యలో చూపిస్తారు. ఏ జతలు చూస్తే ఆ జతల పోలికలే దానికి వస్తాయి. భారతీయ భాషల కోసం 2021లో విడుదలైన సమానంతర్ అనే వాక్య సంపుటిలో తెలుగుకు సుమారు 48 లక్షల జతలు, ఒడియాకు సుమారు 10 లక్షల జతలు ఉన్నాయి. అవి తెలుగు–ఇంగ్లీషు, ఒడియా–ఇంగ్లీషు జతలు. తెలుగుకూ ఒడియాకూ మధ్య మనిషి స్వయంగా నేరుగా చేసిన అనువాదాలు వీటితో పోలిస్తే చాలా స్వల్పం. అందుకే చాలా వ్యవస్థలు ఒక భాష నుంచి ఇంగ్లీషుకూ, ఇంగ్లీషు నుంచి మరో భాషకూ రెండు అంగల్లో వెళ్లాయి. 2022లో మెటా సంస్థ తెచ్చిన ఎన్ఎల్ఎల్‌బీ-200, 2023లో వచ్చిన ఇండిక్‌ట్రాన్స్2 వంటి అనువాద యంత్రాలు ఇంగ్లీషును మధ్యలో పెట్టకుండా నేరుగా అనువదించగలవు. అది నిజమైన ముందడుగే. కానీ వాటికి మేతగా పడిన వాక్యాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషుతో ముడిపడినవే కాబట్టి, దారిలో ఇంగ్లీషు లేకపోయినా నేర్చుకున్న అర్థాల్లో దాని నీడ ఉంటుంది.

ఆ జతలు ఎక్కడి నుంచి వస్తాయో చూస్తే మరో సంగతి బోధపడుతుంది. ప్రభుత్వ పత్రికా ప్రకటనలు, వార్తా సైట్లు, మత గ్రంథాలు, విజ్ఞాన సర్వస్వాలు, పాఠాల ఉపశీర్షికలు. ప్రభుత్వ ప్రకటనలో ఏ మంత్రీ "గుత్తేదారు చెయ్యిచ్చాడు" అని రాయించడు. రాయగడ బజారులో రోజూ వినిపించే మాట ఆ సంపుటిలో అరుదు. ఒకవేళ ఏ వార్తలోనో ఆ మాట కనిపించినా, ఇంగ్లీషు వైపు ఉన్న వాక్యంలో విలేఖరి దాన్ని "రాలేదు" అని సాదాగా రాసి ఉంటాడు. అలాంటివి వందలు కనిపిస్తే యంత్రం ముడి వేసుకుంటుంది. నాలుగైదు కనిపిస్తే, లక్షల సార్లు చూసిన "చేయి", "ఇచ్చాడు" అనే మాటల మామూలు అర్థాలే గెలుస్తాయి.

తెలుగు స్వభావం ఈ చిక్కును మరింత పెంచుతుంది. యంత్రం మాటను మాటగా చదవదు. తరచుగా కనిపించే అక్షరాల గుంపులుగా ముక్కలు చేసుకుని చదువుతుంది. "చెయ్యిచ్చాడు" దానికి "చెయ్యి", "చ్చాడు" వంటి ముక్కలు కావచ్చు. ఆ చివరి ముక్క వచ్చాడులోనూ ఉంది, ఇచ్చాడులోనూ ఉంది, చచ్చాడులోనూ ఉంది. పైగా అదే జాతీయాన్ని మనం చెయ్యిచ్చాడు, చేయిచ్చాడు, చెయ్యి ఇచ్చాడు, చెయ్యిచ్చేశాడు, చెయ్యిచ్చినవాడిని నమ్మి అంటూ పది రూపాల్లో రాస్తాం. మనకు అవన్నీ ఒకటే. ముక్కలుగా చూసే యంత్రానికి ప్రతిదీ కొంత కొత్తదే. అందుకే ఒకే యాప్ ఒక జాతీయాన్ని ఒక వాక్యంలో సరిగ్గా అనువదించి, పక్క వాక్యంలో బోల్తా పడటం సాధారణం. ఒకసారి సరిగ్గా వచ్చింది కదా అని రెండోసారి చూడకుండా పంపడం సరికాదు.

సరిహద్దు తెలుగుకు అదనంగా మాండలికం సమస్య ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటువైపు, దానికి ఆనుకునే ఉన్న పాతపట్నం ఇటువైపు మిగిలాయి. గీత పడినా మాట ఒక్కటే. శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లవాడు. రాత తెలుగులో గుంట అంటే గొయ్యి. "మా గుంట బడికి వెళ్లింది" అని ఒక తండ్రి రాస్తే, ఒడియాలో గొయ్యి బడికి వెళ్లడం ఖాయమనుకోవచ్చు. ఇక్కడ కనీసం నవ్వొస్తుంది. "గుంటడు పడిపోయాడు, ఆసుపత్రికి తీసుకెళ్లాం" అన్నది "గుంటలో పడిపోయాడు" అని మారితే నవ్వు రాదు. వాక్యం సహజంగా ఉంది, వివరం తప్పు. వైద్యుడు అడగాల్సిన ప్రశ్నలే మారిపోతాయి.

ఇక తిట్ల విషయం. జాతీయాల దగ్గర యంత్రానికి తెలియక తప్పుతుంది. తిట్ల దగ్గర తెలియకపోవడానికి తోడు, తెలియనివ్వకుండా చేసిన ఏర్పాటూ ఉంది. తమ యంత్రం మర్యాదగా రాసినదానికి బూతు జోడించిందన్న చెడ్డపేరు ఏ తయారీదారుకూ అక్కర్లేదు. ఎన్ఎల్ఎల్‌బీ బృందం 2022లో 200 భాషలకు బూతు మాటల జాబితాలు తయారు చేసి విడుదల చేసింది. మూలంలో లేని బూతు అనువాదంలో పుట్టుకొస్తోందా అని కొలవడానికి వాటిని వాడింది. శిక్షణకు వాడే జతల్లో ఒకవైపు బూతు ఎక్కువగా ఉండి రెండోవైపు లేకపోతే అలాంటి జతను వడపోతలో తీసేసే పద్ధతీ పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ ఫలితం ఆలోచించండి. తెలుగు తిట్టును మనిషి అనువాదకుడు ఇంగ్లీషులో కాస్త మెత్తగా దించి ఉంటే, ఆ జత వడపోతలో ఎగిరిపోయే అవకాశం ఎక్కువ. తిట్లు ఎలా అనువదించాలో నేర్పగలిగిన కొద్దిపాటి వాక్యాల్లో కొన్ని అక్కడే రాలిపోతాయి. జాబితాల్లో మరో లోపం, మాటను చూస్తాయి గానీ సందర్భాన్ని చూడవు. జాతి పేరు, కులం పేరు మామూలుగా వాడితే పేరే. అదే పేరును పళ్లు కొరుకుతూ అంటే తిట్టు. ఆ తేడా ఏ జాబితాకూ అందదు.

అందువల్ల తిట్ల అనువాదం రెండు వ్యతిరేక దిశల్లో చెడిపోతుంది. ఒకటి, ఉత్తుత్తి తిట్టు బెదిరింపుగా పెరగడం. రెండు, నిజమైన బెదిరింపు వట్టి మాటగా తగ్గడం. "నీ బొంద" అన్నది మొదటిదానికి మంచి నమూనా. ఒకడు ఏదో తెలివితక్కువ మాట అంటే పక్కనున్న స్నేహితుడు "నీ బొంద, నీకేం తెలుసు" అంటాడు. కొట్టిపారేయడం తప్ప అందులో మరేమీ లేదు. కానీ బొంద అంటే శవాన్ని పూడ్చే గొయ్యి. మాటకు మాట పెట్టిన అనువాదంలో "నీ సమాధి" అని వస్తే, చదివినవాడికి చంపుతానన్నట్టే ఉంటుంది. "నీ దుంపతెగ" అన్నది ఇంకో మెట్టు పైన ఉంటుంది. ముద్దుగా కూడా అనగల తిట్టు అది. మనవడు అల్లరి చేస్తే నాయనమ్మ అనే మాట. అనువాదంలో దుంపకూరకు తగ్గ వాక్యం రావచ్చు.

రెండో దిశలో "నీ అంతు చూస్తాను" ఉంది. ఇందులో బూతు లేదు, ఏ జాబితాలోనూ పడదు. అంతు, చూడటం అన్నవి రెండూ మంచి మాటలే. యంత్రం "నీ చివర చూస్తాను" అనో, "చివరి వరకు నిన్ను చూసుకుంటాను" అనో రాయగలదు. ఆ రెండో రూపమైతే ముసలి తల్లికి కొడుకు ఇచ్చే హామీలా ఉంటుంది. బెదిరింపు ఆవిరైపోయింది.

తగాదా పోలీసు స్టేషను దాకా వెళితే ఈ తేడా ఎంత బరువుదో తెలుస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నేరపూరిత బెదిరింపు 351వ సెక్షను కింద, గొడవ రేగేలా ఉద్దేశపూర్వకంగా చేసే అవమానం 352వ సెక్షను కింద, బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగించే అశ్లీల మాటలు 296వ సెక్షను కింద వస్తాయి. తెలుగులో వచ్చిన వాట్సాప్ సందేశాన్ని ఫిర్యాదుదారు ఒడియాలోకి యాప్‌తో మార్చి ఇచ్చాడనుకుందాం. "నీ బొంద" అన్నవాడు ప్రాణభయం కలిగించినవాడిగా, "నీ అంతు చూస్తాను" అన్నవాడు కేవలం చూస్తానన్నవాడిగా కాగితం మీద కనిపిస్తారు. మూల సందేశం జతచేయకపోతే తప్పు కాగితమే మొదటి ఆధారమవుతుంది. తర్వాత దాన్ని సరిదిద్దించుకోవడం ఫిర్యాదు రాసినంత తేలిక కాదు.

అవమానం ఎప్పుడూ తిట్టు మాటలోనే ఉండదన్నది యంత్రాలకు అందని మరో సంగతి. "ఏరా, డబ్బు ఎప్పుడిస్తావు?" అన్న వాక్యంలో బూతు లేదు. కానీ వయసులో పెద్దవాడైన బాకీదారును ఏరా అంటే ఊరు కూడుతుంది. ఇంగ్లీషులో నువ్వు, మీరు, ఏరా, ఒసేయ్ అన్నీ ఒకే మాటలో కలిసిపోతాయి. అక్కడి నుంచి ఒడియాలోకి వెళ్లేటప్పుడు యంత్రం మళ్లీ ఎంచుకోవాలి. ఒడియాలో తు, తుమే, ఆపణ అని మూడు మెట్లున్నాయి. యంత్రాలు సాధారణంగా క్షేమమైన గౌరవ రూపం వైపు మొగ్గుతాయి కాబట్టి, "ఏరా" అన్న అరుపు "ఆపణ" అన్న వినయంగా దిగుతుంది. గొడవ ఎందుకు మొదలైందో ఒడియా పాఠం చదివినవాడికి అంతు పట్టదు. తిరుగు దారిలోనూ చిక్కే. ఒడియాలో ఆడవారికీ మగవారికీ కూడా "సే" అన్న ఒకే సర్వనామం ఉంది, క్రియలోనూ ఆ తేడా కనిపించదు. ఒడియాలో ఒక స్త్రీ గురించి రాసిన ఫిర్యాదు తెలుగులో "అతను" అని తేలడానికి ఇదే కారణం.

తప్పును పసిగట్టడానికి చాలామంది చేసే పని, వచ్చిన అనువాదాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పి చూడటం. మామూలు వాక్యాలకు ఇది కొంత పనికొస్తుంది. జాతీయాల దగ్గర ఇది నమ్మించి ముంచుతుంది. "చెయ్యిచ్చాడు" మాటకు మాటగా "చేయి ఇచ్చాడు" అని వెళితే, తిరిగొచ్చేటప్పుడు కూడా "చేయి ఇచ్చాడు" అనే వస్తుంది. చూసినవాడు సరిగ్గానే ఉందనుకుంటాడు. వెళ్లేటప్పుడు చేసిన తప్పును వచ్చేటప్పుడు యంత్రం తానే కప్పిపుచ్చింది. జాతీయం తిరుగు ప్రయాణంలో సాదా అర్థంగా, అంటే "మాట ఇచ్చి రాలేదు" అన్నట్టు వస్తే మంచిది. అచ్చు అలాగే వస్తే అనుమానించాలి.

అంతకన్నా నమ్మదగిన గుర్తులు అనువాద పాఠంలోనే దొరుకుతాయి. ఒడియా చదవలేనివారు పక్కవారితో చదివించుకుని ఒకటి రెండు అడిగితే చాలు. వ్యాపారపు సందేశంలో చేయి, కడుపు, తల, ముక్కు, గడ్డి, నీళ్లు ఏమైనా వినిపించాయా? వినిపిస్తే అక్కడ ఒక జాతీయం విరిగింది. "నీళ్లు నమిలాడు" అన్నది నీళ్లు తాగినట్టు, "గడ్డి పెట్టాను" అన్నది పశువుకు మేత వేసినట్టు వచ్చి ఉంటుంది. రెండోది, వరుస వాక్యాలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా? లారీ వాడు సాయం చేశాడని చెప్పి, అందువల్ల సరుకు రాలేదంటే ఎక్కడో తిరగబడిందని అర్థం. మూడోది తిట్లకే ప్రత్యేకం: మూలంలో ఉన్న ఒక మాట అనువాదంలో పూర్తిగా మాయమైందా? బూతును ఏమీ చేయలేక యంత్రం దాన్ని వదిలేయడమూ, అక్షరాలు మాత్రమే మార్చి అలాగే దించడమూ రెండూ మామూలే. మూలం కన్నా అనువాదం అనూహ్యంగా పొట్టిగా ఉంటే ముందు చూడాల్సింది తిట్టు ఉన్న చోటే.

సందేశం మనమే రాస్తున్నప్పుడు పని తేలిక. యంత్రానికి ఇచ్చే ముందు జాతీయాన్ని మనమే విప్పి రాయాలి. "లారీ వాడు వస్తానని చెప్పి రాలేదు. మేస్త్రీ ఈ పని తనవల్ల కాదన్నాడు. గుమాస్తా లంచం తీసుకున్నాకే కాగితం పంపాడు." ఇది చప్పగా ఉంది, నిజమే. చింతపండు వ్యాపారి గొంతు ఇందులో లేదు. కానీ భువనేశ్వర్‌లో ఉన్నవాడికి సరుకు ఎందుకు రాలేదో తెలుస్తుంది. మూడో వాక్యం రాతలో పెట్టడం తెలివైన పనేనా అన్నది వేరే చర్చ.

ఇతరులు రాసినదాన్ని, ముఖ్యంగా తిట్టును అనువదించాల్సి వచ్చినప్పుడు ఈ విప్పడం కుదరదు, ఎందుకంటే అన్న మాటే అక్కడ సాక్ష్యం. అప్పుడు కాగితం మీద మూడు వరుసలు ఉండాలి. మొదట మూలంలోని తెలుగు మాట అక్షరం మార్చకుండా, తర్వాత దాని మాటకు మాట అర్థం, ఆ కింద ఆ ప్రాంతంలో ఎవరు ఎవరితో ఎలాంటి సందర్భంలో ఆ మాట అంటారన్న వివరణ. "నీ బొంద: నిన్ను పూడ్చే గొయ్యి: సమవయస్కులు ఎదుటివారి మాటను కొట్టిపారేయడానికి అనే మాట" అన్నట్టు. మొదటి వరుసకు నకలు చాలు. రెండో వరుసను యంత్రంతో రాయించుకోవచ్చు. మూడోది రాయాలంటే మాత్రం గుణుపూర్ తెలుగూ, కోర్టు ఒడియా రెండూ వచ్చిన మనిషి కావాలి. అలాంటి వారు ఆ జిల్లాల్లో దొరుకుతారు.